మంగళ, గురువారాలు ఉదయం 8:30: ఒక ఆఫీసుకు రాసిన యోగా ప్రతిపాదన ఉత్తరం

బెంగళూరులో మారతహళ్లి చుట్టుపక్కల యోగా స్టూడియో నడిపేవాళ్లకు ఆఫీసుల నుంచి ఫోన్లు వచ్చేది ఎక్కువగా జూన్ మొదటి రెండు వారాల్లో. జూన్ 21 అంతర్జాతీయ యోగా దినోత్సవం 2015 నుంచి జరుగుతోంది కాబట్టి హెచ్‌ఆర్ క్యాలెండర్లలో అదొక పండగ తేదీ అయిపోయింది. గంట క్లాసు, టీషర్టులు, గ్రూప్ ఫొటో. మర్నాడు ఆ గదిలో మళ్లీ మీటింగులే. వారానికి రెండు రోజులు, ఏడాదంతా నడిచే క్లాసు కావాలనుకునే స్టూడియో జూన్‌లో అడిగితే దక్కేది ఆ ఒక్క గంటే. ఏప్రిల్‌తో ఆర్థిక సంవత్సరం మొదలయ్యే కంపెనీల్లో ఉద్యోగుల సంక్షేమానికి ఎంత కేటాయించాలన్నది దాదాపు జనవరి, మార్చి మధ్య తేలుతుంది. ఆ చర్చ జరిగేటప్పుడు హెచ్‌ఆర్ చేతిలో మన క్లాసుల ఫలితం ఉండాలి. అంటే ట్రయల్ జనవరిలో మొదలవ్వాలి, ఉత్తరం నవంబరులో వెళ్లాలి. కొన్ని విదేశీ కంపెనీల బెంగళూరు శాఖలకు బడ్జెట్ సంవత్సరం జనవరితోనే మొదలవుతుంది. ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక్కడ చెప్పబోయే ఉత్తరం నవంబరు మధ్యలో వెళ్లింది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక టెక్ పార్కులో ఉన్న మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ కంపెనీ అది. దాదాపు 220 మంది పనిచేస్తారు, హైబ్రిడ్ పద్ధతి. అక్కడ హెచ్‌ఆర్ చూసే అమ్మాయిది విజయవాడ. మా సాయంత్రం బ్యాచ్‌కి వచ్చే ఒకావిడ ద్వారా పరిచయం. మొదటిసారి ఫోన్లోనే ఆ అమ్మాయి అసలు విషయం తేల్చేసింది: “మేడమ్, యోగా మంచిదని నాకు చెప్పక్కర్లేదండి. నేను దీన్ని అడ్మిన్‌కి, ఫైనాన్స్‌కి, లీగల్‌కి ఫార్వర్డ్ చేయాలి. వాళ్లు ఏదో ఒకటి అడుగుతారు, నా దగ్గర జవాబుండదు. ఆ జవాబులన్నీ ఉత్తరంలోనే ఉండేట్టు రాసివ్వండి.”

స్టూడియోల నుంచి వెళ్లే ప్రతిపాదనలు చాలావరకు శుభలేఖల్లా ఉంటాయి. పైన శ్లోకం, లోపల అందరికీ ఒకటే మాట, కవరు మీద పేరు మాత్రం వేరు. పతంజలి సూత్రంతో మొదలై, ఒత్తిడి గురించి రెండు పేరాలు నడిచి, చివర “మీ అవసరాన్ని బట్టి ప్యాకేజీలు” అని ముగుస్తాయి. దాన్ని ఫార్వర్డ్ చేస్తే అడ్మిన్ మేనేజర్‌కి ఎన్ని గంటలకో, ఏ గదిలోనో తెలియదు. ఫైనాన్స్‌కి ఎంతో తెలియదు. అలా ఎవరి ఇన్‌బాక్స్‌లోనో ఆగిపోతుంది. వద్దని ఎవరూ అనలేదు కాబట్టి స్టూడియో ఎదురుచూస్తూనే ఉంటుంది.

అందుకని కలం పట్టేముందు ఆఫీసుకు వెళ్లి చూశాను. గది కొలతలు, క్యాబ్ వేళలు, కెఫెటేరియా వేళలు, జనం ఎక్కువగా వచ్చే రోజులు, హెచ్‌ఆర్ మేనేజర్ తన సంతకంతో ఎంతవరకు ఖర్చు చేయొచ్చన్నది, ఇవి కావాలి. చివరిది అడగడానికి చాలామంది మొహమాటపడతారు. అడిగితే చెప్తారు. ఇక్కడ ఆ పరిమితి 50,000 రూపాయలు. అది దాటితే మూడు కొటేషన్లు తెప్పించి, పోల్చి, పైవాళ్ల ఆమోదం తీసుకోవాలి.

ఉత్తరం ఒక పేజీ, దాని వెనక అనుబంధం ఒక పేజీ. మొదటి పేరా ఇది:

> విషయం: ఉద్యోగులకు వారానికి రెండు యోగా క్లాసులు, 8 వారాల ట్రయల్
>
> నమస్కారం. మీ ఆఫీసుకు దగ్గర్లోనే ఉన్న యోగా స్టూడియో మాది. మీ నాలుగో అంతస్తు ట్రైనింగ్ రూమ్‌లో మంగళ, గురువారాల్లో ఉదయం 8:30 నుంచి 9:15 వరకు, క్లాసుకు 18 మందికి మించకుండా, 8 వారాలు యోగా నేర్పడానికి ఈ ప్రతిపాదన పంపుతున్నాం. మొత్తం 16 క్లాసులు, 48,000 రూపాయలు. మ్యాట్లు మేమే తెస్తాం. మీ వైపు నుంచి కావలసినవి గది, ఒక కోఆర్డినేటర్. జనవరి మొదటి మంగళవారం మొదలుపెట్టి, సంక్రాంతి వారం వదిలేసి, మార్చి మొదటి వారంలో ముగిస్తాం.

ఈ పేరాలో ప్రతి అంకె వెనక ఒక కారణం ఉంది, వాటిని ఎవరైనా అడుగుతారు కూడా.

18 ఎక్కడిదంటే, ట్రైనింగ్ రూమ్ 24 అడుగుల వెడల్పు, 32 అడుగుల పొడవు. టేబుళ్లు, కుర్చీలు వెనక గోడకి చేరిస్తే 5 అడుగులు పోతాయి. ముందు టీచరుకి 6 అడుగులు. మిగిలింది 21 అడుగులు. మ్యాట్ 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉన్నా, చేతులు పక్కకి చాపి త్రికోణాసనం వేయాలంటే మనిషికి 4 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు వదలాలి. అడ్డంగా ఆరుగురు, అలాంటివి మూడు వరుసలు. ఇంకో నలుగురిని ఇరికిస్తే పక్కవాడి చెయ్యి తగులుతుంది, జనం చేతులు ముడుచుకుని చేస్తారు. దానికంటే పెద్ద సంగతి, టీచరుకి చివరి వరుస కనపడదు. “ఆసక్తి ఉన్నవాళ్లు 60 మంది ఉన్నారు మేడమ్, అందరినీ తీసుకోండి” అని హెచ్‌ఆర్ అన్నప్పుడు ఈ కొలతల బొమ్మ గీసి చూపిస్తే మళ్లీ ఆ మాట రాలేదు.

వేళ విషయంలో ఆఫీసువాళ్లు మొదట అనుకున్నది సాయంత్రం 6. వినడానికి బాగుంటుంది. కానీ అమెరికా టీములతో కాల్స్ 6:30కి మొదలవుతాయి, మొదటి క్యాబ్ 5:45కి వెళ్లిపోతుంది, పైగా 4:30కి కెఫెటేరియాలో బజ్జీలో, సమోసాలో ఉంటాయి. తిన్నాక రెండు మూడు గంటలైనా గడవకుండా ముందుకి వంగే ఆసనాలు, భుజంగాసనం చేయిస్తే పుల్లటి తేన్పులు, వికారం. లంచ్ ముందు పెడదామంటే 12 నుంచి 1 వరకు గదులన్నీ బుక్ అయి ఉంటాయి. ఉదయం సంగతి వేరు. రింగ్ రోడ్డు ట్రాఫిక్ తప్పించుకోవడానికి చాలామంది 8:15కల్లా దిగిపోతున్నారని క్యాబ్ జాబితా చూస్తే అర్థమైంది. వాళ్లు 10 గంటల స్టాండప్ మీటింగు వరకు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటున్నారు. కెఫెటేరియాలో టిఫిన్ 10 దాకా ఉంటుంది. 9:15కి క్లాసు అయ్యాక ఇడ్లీ తిని సీట్లోకి వెళ్లొచ్చు. ఖాళీ కడుపు దానంతటదే కుదిరింది. సోమ, శుక్రవారాల్లో సగం మంది ఇంటి నుంచే పని కాబట్టి మంగళ, గురువారాలు.

ధర దగ్గర కాస్త ఆగాలి. క్లాసుకి 3,000 రూపాయలు. 45 నిమిషాల పనికి ఇంతా అని ఎవరైనా అనొచ్చు. టీచరు 7:40కి బయల్దేరి, పార్కు గేటు దగ్గర పాసు తీసుకుని, లిఫ్టెక్కి, టేబుళ్లు జరిపించి, మ్యాట్లు పరిచి, క్లాసు అయ్యాక తుడిచి చుట్టి తిరిగొచ్చేసరికి 10 దాటుతుంది. ఆ వేళలో స్టూడియోలో ఇంకో బ్యాచ్ తీసుకోలేదు. టీచరుకి 1,500, రానుపోను 300. టీచరుకి జ్వరం వస్తే పంపాల్సిన బదులు మనిషి కోసం కొంత పక్కన పెట్టాలి, మ్యాట్లు అరిగిపోతాయి, బిల్లులు, వెండర్ ఫారాలు, ఫాలోఅప్‌లకు నా సమయం పోతుంది. ఇవన్నీ పోగా స్టూడియోకి మిగిలేది క్లాసుకు 600, 700 మధ్య. దీనికంటే తక్కువకి ఒప్పుకున్న స్టూడియోలు ఏం చేస్తాయో చూస్తూనే ఉన్నాం. మొదటి నెల సీనియర్ టీచరు వస్తారు, రెండో నెల నుంచి శిక్షణలో ఉన్న పిల్లలు వస్తారు.

మనిషికి ఇంత అని ధర చెప్పడం నాకు ఇష్టం ఉండదు. హాజరు తగ్గిన వారం స్టూడియో ఆదాయం పడిపోతుంది, టీచరు వెళ్లాల్సిన దూరం మాత్రం తగ్గదు. ఆఫీసు వైపు కూడా తలలు లెక్కపెట్టి బిల్లుతో సరిచూసే పని ఒకరి మీద పడుతుంది. క్లాసుకు ఇంత అంటే లెక్క సూటిగా ఉంటుంది. 16 క్లాసులు, 48,000. హెచ్‌ఆర్ మేనేజర్ సంతకం పరిమితి లోపలే. ముందు నేననుకున్నది 12 వారాలు. కానీ 24 క్లాసులకు 72,000 అవుతుంది, మూడు కొటేషన్ల దారి పట్టాల్సి వస్తుంది. ధర తగ్గించి 12 వారాలు ఇరికించే బదులు ధర అలాగే ఉంచి వారాలు తగ్గించాను. ట్రయల్‌లో ఒకసారి తగ్గించిన ధర తర్వాత మళ్లీ పెరగదు.

పన్ను గురించి రాసింది మూడు వాక్యాలే: మా వార్షిక టర్నోవర్ 20 లక్షల లోపు కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు, బిల్లులో జీఎస్టీ ఉండదు, రిజిస్ట్రేషన్ లేదనే డిక్లరేషన్ జతచేశాం. ఇది రాయకపోతే ఫైనాన్స్ నుంచి వచ్చే మొదటి ప్రశ్న జీఎస్టీ నంబరు ఏదనే. రిజిస్ట్రేషన్ ఉన్న స్టూడియోలు ఇంకోటి చూసుకోవాలి. యోగా సెంటర్ల సేవలపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, దాంతోపాటు స్టూడియో తన కొనుగోళ్ల మీద కట్టిన పన్నుని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకునే వీలూ పోయింది. పాత కొటేషన్ కాపీ కొట్టి 18 శాతం వేసి పంపినవాళ్ల బిల్లులు వెనక్కి వస్తున్నాయి.

ఇక అనుబంధం. నా లెక్కలో ప్రతిపాదన నిలబడేదీ పడిపోయేదీ ఈ పేజీ మీదే, ఎందుకంటే లీగల్ చదివేది దీన్నే.

ముందుగా 45 నిమిషాల్లో ఏం జరుగుతుందో రాశాం. మొదటి ఐదు నిమిషాలు కూర్చుని శ్వాస గమనించడం. తర్వాత ఇరవై నిమిషాలు మెడ, భుజాలు, మణికట్ల కదలికలు, నిలబడి చేసే తాడాసనం, అర్ధకటి చక్రాసనం, త్రికోణాసనం. పది నిమిషాలు మ్యాట్ మీద మార్జాలాసనం, భుజంగాసనం, సేతుబంధాసనం, శశాంకాసనం. ఐదు నిమిషాలు నాడీశోధన, చివరి ఐదు శవాసనం. దాని కిందే ఏవి చేయించమో కూడా రాశాం: శీర్షాసనం, సర్వాంగాసనం, కపాలభాతి, శ్వాస బిగబట్టే కుంభకం. ఇవి చెడ్డవని కాదు, స్టూడియోలో రోజూ చేయిస్తాం. కానీ ఆఫీసు క్లాసుకి వచ్చేవాళ్లు కొత్తవాళ్లు, వాళ్లలో ఎవరికి బీపీ ఉందో, ఎవరికి గ్లాకోమా ఉందో, ఎవరు గర్భంతో ఉన్నారో మొదటి రోజు తెలియదు. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లకి కుంభకం, వేగంగా చేసే కపాలభాతి వద్దంటాం. గ్లాకోమా ఉంటే తలకిందులు ఆసనాలు కంటిలో ఒత్తిడి పెంచుతాయి. వారానికి రెండుసార్లు చూసే మనుషులతో ఆ పని పెట్టుకోకపోవడమే మంచిది. “చేయించము” అన్న జాబితా చూసి లీగల్‌లో ఉన్నాయన ఫోన్లో హెచ్‌ఆర్‌తో “వీళ్లకి పని తెలుసు” అన్నారట. జాబితాలో ఉన్న ఆసనాల కంటే లేనివే మా పరువు కాపాడాయన్నమాట.

ఓంకారం, మంత్రాలు ఉండవని కూడా ఒక వాక్యం పెట్టాం. వేర్వేరు మతాల వాళ్లు పనిచేసే చోటు, ఎవరూ అడగక ముందే చెప్పేస్తే హెచ్‌ఆర్‌కి ఒక తలనొప్పి తగ్గుతుంది. మా టీచరుకి ఇది నచ్చలేదు, రెండు రోజులు ముభావంగా ఉంది. తర్వాత తనే శవాసనంలో మౌనం ఇంకో నిమిషం పెంచుకుంది.

ఆరోగ్య ఫారం గురించి ఇలా రాశాం:

> క్లాసులో చేరేముందు ప్రతి ఒక్కరూ ఐదు ప్రశ్నల ఫారం నింపాలి: రక్తపోటు, వెన్ను లేదా డిస్క్ సమస్య, గత ఆరు నెలల్లో ఆపరేషన్, గర్భం, కళ్లు తిరగడం లేదా గ్లాకోమా. ఈ ఫారాలు టీచరు దగ్గరే ఉంటాయి. కంపెనీకి ఇవ్వం, అడగొద్దని మనవి. కంపెనీకి ఇచ్చేది నెలకి ఒకసారి, ఏ క్లాసుకి ఎంతమంది వచ్చారన్న అంకె మాత్రమే. ట్రయల్ ముగిసిన 30 రోజుల్లో ఫారాలు చించేస్తాం.

“అడగొద్దని మనవి” అనడం కాస్త ఘాటుగా ఉందేమో అనిపించవచ్చు. కానీ ఇది లేకుండా మొదలైన చోట్ల ఏం జరుగుతుందో తెలుసు. నెల తిరిగేసరికి ఎవరో ఒక మేనేజర్ మంచి ఉద్దేశంతోనే “మా టీములో ఎవరికి బీపీ ఉందో చెప్తే పని తగ్గిస్తాం” అంటారు. ఆ మాట బయటికి పొక్కితే మర్నాటి నుంచి ఫారాల్లో అందరూ అన్నిటికీ “లేదు” అని టిక్కు పెడతారు. అప్పుడు ఆ ఫారం వల్ల టీచరుకి ఉపయోగం సున్నా. గర్భం సంగతి ఇంట్లో కూడా ఇంకా చెప్పని అమ్మాయి ఆ కాగితం మీద నిజం రాయాలంటే అది ఎక్కడికీ పోదన్న నమ్మకం ఉండాలి. పైగా 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చాక ఉద్యోగుల ఆరోగ్య వివరాలు తమ సిస్టంలోకి రావడం లీగల్ వాళ్లకే ఇష్టం ఉండదు. మా ఫారాలు అందుకే కాగితం మీదే.

ఫారం నింపనివాళ్లని వెనక్కి పంపం. వెనక వరుసలో కుర్చీ వేసి మెడ, భుజాల కదలికలు, మామూలు శ్వాస వరకే చేయిస్తాం. సాధారణంగా రెండో క్లాసుకల్లా నింపేస్తారు.

తాకడం గురించిన వాక్యం చిన్నది: టీచరు మాటతో, చేసి చూపించడంతోనే సరిదిద్దుతారు, ఎవరినీ చేత్తో తాకరు. స్టూడియోలో నడుం పట్టి సరిచేయడం మామూలే. ఆఫీసులో అది వేరే అర్థం తెచ్చిపెట్టగలదు. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013 చట్టం కింద బయట నుంచి వచ్చిన మనిషి మీద కూడా ఉద్యోగిని ఫిర్యాదు చేయొచ్చు. దాన్ని గుర్తుచేసే బదులు ఆ ప్రశ్నే పుట్టకుండా రాయడం తేలిక. టీచరుకి ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద ఉన్న యోగా సర్టిఫికేషన్ బోర్డు సర్టిఫికెట్ ఉంది, దాని కాపీ పెట్టాం.

అనుబంధంలో లేనిది ఒకటుంది. యోగా వల్ల బీపీ తగ్గుతుందని, షుగర్ అదుపులోకి వస్తుందని, సెలవులు ఇంత శాతం తగ్గుతాయని, పెట్టిన రూపాయికి మూడు రూపాయలు వస్తాయని ఎక్కడా రాయలేదు. వారానికి గంటన్నర, ఎనిమిది వారాలు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మా క్లాసులు 90 నిమిషాలు, అందులో కొంత శవాసనమే. ఇంత చిన్న మోతాదుతో సెలవుల సంఖ్య మారిందని ఎవరు నిరూపించగలరు? మేం రాసింది “మెడ, భుజాలు, నడుము బిగువు తగ్గడానికి, ఇంట్లో ఒంటరిగా చేసుకోగలిగే పది నిమిషాల వరుస నేర్చుకోవడానికి” అని. అది ఎనిమిది వారాల్లో అయ్యే పని.

ఉత్తరం వెళ్లిన పదిరోజుల్లో మూడు మెయిళ్లు వచ్చాయి.

అడ్మిన్ అడిగింది మ్యాట్ల గురించి. ప్రతిసారీ 18 మ్యాట్లు సెక్యూరిటీ దాటించడం కుదరదు. తిరిగి తీసుకెళ్లే సామానుకి ఇచ్చే గేట్ పాస్ మీద ఒకసారి లోపలికి పంపి, స్టోర్ రూమ్‌లో ఉంచి, చివర్లో అదే పాసు మీద బయటికి తెచ్చుకోవాలని తేలింది. పాసులో 18 అని రాసి ఉంటే తెచ్చేటప్పుడు కూడా 18 ఉండాలి, చిరిగిందని ఒకటి పారేసినా గేటు దగ్గర ఆపుతారు. హౌస్‌కీపింగ్ వాళ్లు 8:15కే టేబుళ్లు జరిపి పెడతారని కూడా రాయించుకున్నాం. ఇది రాతలో లేకపోతే మొదటి పది నిమిషాలు టేబుళ్ల కిందే పోతాయి.

ఫైనాన్స్ అడిగింది పేమెంట్ గడువు గురించి. వాళ్ల పద్ధతి బిల్లు అందిన 60 రోజులకు. చిన్న స్టూడియోకి అది మోయలేని గడువు, టీచరుకి జీతం నెల చివర ఇవ్వాలి. ఇక్కడ చిన్న సంస్థగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పనికొచ్చింది. అది ఉచితం, ఆన్‌లైన్‌లో ఆధార్, పాన్‌తో అయిపోతుంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి ఆపకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. గడువు దాటి చెల్లిస్తే ఆ ఖర్చుని అసలు చెల్లించిన సంవత్సరంలోనే చూపించుకోవాలని ఆదాయపు పన్ను చట్టంలో 2024 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధన ఉంది. మార్చి 31 దగ్గరపడుతుంటే ఏ అకౌంటెంటుకైనా ఇది గుర్తుంటుంది. నేను వాదించలేదు. ఉద్యమ్ సర్టిఫికెట్ జతచేసి, “నెలకోసారి బిల్లు, 30 రోజుల్లో చెల్లింపు కోరుతున్నాం” అని రాశాను. 45 రోజులకు ఒప్పుకున్నారు. పర్చేజ్ ఆర్డర్, అంటే పీఓ నంబరు రాకుండా క్లాసు మొదలుపెట్టబోమని కూడా మర్యాదగా చెప్పాం. పీఓ లేని బిల్లుని ఆ సిస్టం తీసుకోదు, ఆ తర్వాత హెచ్‌ఆర్ అమ్మాయి ఎంత మంచిదైనా చేయగలిగింది ఉండదు.

లీగల్ అడిగింది ఒక్కటే: ఎవరికైనా దెబ్బ తగిలితే? “అన్ని బాధ్యతలూ పాల్గొనేవారివే” అని రాసి చేతులు దులుపుకునే ఫారాలు తిరుగుతుంటాయి. టీచరు నిర్లక్ష్యం వల్ల జరిగితే అలాంటి కాగితం కాపాడదు. మేం రాసిచ్చింది వేరు: టీచరుకి ప్రథమ చికిత్సలో శిక్షణ ఉంది; నొప్పి అన్నవాళ్లని అక్కడే ఆపిస్తారు; ఏదైనా జరిగితే అదే రోజు కోఆర్డినేటర్‌కి రాతపూర్వకంగా తెలియజేస్తారు; ఆరోగ్య ఫారంలో తెలియజేసిన సమస్యను పట్టించుకోకుండా చేయించినదానికి స్టూడియోదే బాధ్యత. చివరి ముక్క చూసి మా ఆయన “ఎందుకు మనమే మెడకి తగిలించుకోవడం” అన్నాడు. అది ఎలాగూ మనదే.

ట్రయల్ ఎలా కొలుస్తామో ఉత్తరంలోనే చెప్పాం: 16 క్లాసుల్లో కనీసం 8కి వచ్చినవాళ్లు 12 మంది కంటే తక్కువైతే కొనసాగించమని మేమే అడగం. మొదటి క్లాసు హాజరు దేనికీ కొలమానం కాదు. ఉచితంగా పెట్టే ఏ క్లాసుకైనా మొదటి రోజు గది నిండుతుంది. ఇక్కడా నిండింది, ఇంకా పాతికమంది వెయిటింగ్ లిస్టులో ఉన్నారు. మూడో వారానికి పదిమంది. సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న వారం ఆరుగురు. ఆ వారం హెచ్‌ఆర్ కంగారుపడి, మానేసినవాళ్ల పేర్లిస్తే మాట్లాడతానంది. పేర్లు ఇవ్వబోమని ముందే రాసి ఉంది కాబట్టి మొహమాటం లేకుండా కుదరదన్నాం. దానికి బదులు అందరికీ పేరులేని ఒక్క ప్రశ్న పంపించాం, ఎందుకు రాలేకపోయారని. ఎక్కువమంది చెప్పింది ఒకటే: వాళ్ల రూట్ క్యాబ్ 8:40కి దిగుతోంది, తలుపు తీసి లోపలికి రావడానికి సిగ్గు. క్లాసుని 8:45కి జరిపాం. వరుసగా రెండుసార్లు చెప్పకుండా మానేస్తే సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకి వెళుతుందని పెట్టాం. ఐదో వారం నుంచి హాజరు 13, 15 మధ్య నిలబడింది. చివరికి 8 క్లాసులు దాటినవాళ్లు 14 మంది.

220 మందిలో 14 అంటే చిన్న అంకెలా కనిపిస్తుంది, ఫైనాన్స్ కూడా అదే అన్నారు. గదిలో పట్టేదే 18 అని గుర్తుచేశాం. మిగతావాళ్ల కోసం కొనసాగింపు ఉత్తరంలో ఒకటి చేర్చాం: బుధవారం మధ్యాహ్నం 3:30కి పావుగంట, కుర్చీలో కూర్చునే చేసే మెడ, మణికట్టు, నడుము కదలికలు, అంతస్తు మీద సీట్ల దగ్గరే. బట్టలు మార్చుకోనక్కర్లేదు, కడుపు నిండుగా ఉన్నా పర్వాలేదు. ఆయుష్ వాళ్ల ‘వై-బ్రేక్’ అనే ఐదు నిమిషాల ఆఫీసు వరుస కూడా ఇలాంటిదే, దాన్ని కలుపుకున్నాం. దీనికి 1,500. ఆ రోజు టీచరు దగ్గర్లోనే వేరే ఆఫీసుకు వెళుతుంది కాబట్టి ఆ ధరకి కుదిరింది.

రెండో ఉత్తరం అర పేజీ. ఏప్రిల్ నుంచి వచ్చే మార్చి వరకు, నెలకి 8 క్లాసులు 24,000, నాలుగు బుధవారాలు 6,000, కలిపి 30,000. ఏ వైపు నుంచైనా 30 రోజుల నోటీసుతో ఆపుకోవచ్చు. 24 గంటల ముందు చెప్పి రద్దు చేసిన క్లాసుని అదే నెలలో ఇంకో రోజు పెడతాం, ఆ తర్వాత చెబితే బిల్లులో ఉంటుంది. ఆఫీసంతా కూర్చునే మీటింగులు తరచూ మంగళవారమే పడతాయి, ఈ వాక్యం లేకపోతే నెలకి రెండు క్లాసులు గాల్లో కలుస్తాయి. టీచరు మారితే వారం ముందు చెబుతాం, కొత్త టీచరు సర్టిఫికెట్ పంపుతాం.

ఈసారి కంపెనీ టీడీఎస్ పట్టుకుంటుంది. ప్రొఫెషనల్ ఫీజుగా లెక్కేస్తే ఏడాదికి 50,000 దాటితే 10 శాతం. 30,000 బిల్లుకి చేతికొచ్చేది 27,000. మిగతా మూడు వేలు మన పాన్ మీద జమవుతాయి, రిటర్న్ వేసినప్పుడు లెక్కలోకి వస్తాయి. కానీ టీచర్ల జీతాలు ఇచ్చేది 27,000 నుంచే కాబట్టి ధర అనుకునేటప్పుడే ఈ లెక్క వేసుకున్నాను. మొదటి బిల్లు ఏప్రిల్ 30న పంపాను, పీఓ నంబరు పైన కుడి మూల పెట్టి.